గీజరు కింద కారే చుక్కను మూయకండి: సేఫ్టీ వాల్వుతో స్టోరేజి గీజరు బిగించే పద్ధతి

కార్తీకం దాటి చలి మొదలయ్యాక విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ప్లంబర్లకు ఎక్కువగా వచ్చే ఫోన్లలో ఒకటి "గీజరు కింద నీళ్లు కారుతున్నాయి, వచ్చి ఆపండి" అన్నది. వచ్చినవాళ్లలో కొందరు ఆ ఇత్తడి వాల్వు ముక్కుకి స్క్రూ బిగించి, మీద ఎం-సీల్ పూసి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతారు. చుక్క ఆగుతుంది. ఆ రోజు నుంచీ మీ స్నానాలగదిలో నీరు పెరగడానికి చోటే లేని ఇనుప డబ్బా ఒకటి వేలాడుతూ ఉంటుంది.

ఈ పని మీరే చేసుకున్నా, మేస్త్రీ చేత చేయించి పక్కన నిలబడి చూసినా, ఆ చుక్క ఎందుకు పడుతుందో, ఎంత పడాలో, ఎటు పోవాలో ముందు తెలియాలి. మిగతా బిగింపంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అర లీటరు ఎక్కడికి పోతుంది?

నీళ్లు వేడెక్కితే పెరుగుతాయి. 25 లీటర్ల గీజరులో 25 డిగ్రీల నీళ్లు 65 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 420 మిల్లీలీటర్లు పెరుగుతాయి. అంటే రెండు టీ గ్లాసుల కంటే ఎక్కువే. 75 డిగ్రీల దాకా పోతే అర లీటరు దాటుతుంది. నీటిని నొక్కి చిన్నది చేయలేం కాబట్టి, పెరిగిన ఆ నీళ్లకు ఎక్కడో ఒక దారి దొరకాలి.

చన్నీళ్ల లైనులో వెనక్కి రానివ్వని వాల్వు లేకపోతే ఆ నీళ్లు వచ్చిన దారినే మేడమీద ట్యాంకు వైపు నెట్టుకుపోతాయి. చుక్క కారదు, ఎవరికీ తెలియదు. నాన్ రిటర్న్ వాల్వు, అంటే ఎన్‌ఆర్‌వీ, పెట్టగానే ఆ దారి మూసుకుపోతుంది. వేడి కుళాయి కట్టేసి ఉంటుంది, వెనక దారి ఎన్‌ఆర్‌వీ పట్టేసింది. ఇక మిగిలేది సేఫ్టీ వాల్వు ఒక్కటే. ట్యాంకులో ఒత్తిడి వాల్వు మీద రాసిన అంకెకు, మామూలుగా 8 బార్‌కు, చేరగానే లోపలి స్ప్రింగు కొద్దిగా లేచి నాలుగు చుక్కలు వదిలి మళ్లీ కూర్చుంటుంది. మీరు చూసే కారడం ఇదే. అందువల్ల ఎన్‌ఆర్‌వీ ఉన్న ఇంట్లో సేఫ్టీ వాల్వు తప్పనిసరి. ఒకటి పెట్టి రెండోది మూసేయడం అసలు ఏదీ పెట్టకపోవడం కంటే ప్రమాదం.

8 బార్ అంటే 80 మీటర్ల ఎత్తు నీటి స్తంభం వేసే ఒత్తిడి. మేడమీద ట్యాంకు నుంచి కింద గీజరుకు వచ్చేది అర బార్ కూడా ఉండకపోవచ్చు. ఈ ఒత్తిడంతా వేడి వల్ల పుట్టేదే. వాల్వు మూసేసిన గీజరులో థర్మోస్టాట్ కూడా అతుక్కుపోయి, వేడి హద్దు దాటితే కరెంటు తెంచే కటౌట్ కూడా పనిచేయకపోతే, ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా నీళ్లలాగే ఉంటాయి. ట్యాంకు కుట్టు ఎక్కడ విచ్చుకుంటే అక్కడ ఆ నీళ్లలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆవిరికి నీటి కంటే పదహారు వందల రెట్లు చోటు కావాలి. గోడలు పగిలేది అందుకే.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ వాల్వు చూసేది ఒత్తిడినే, వేడిని కాదు. వేడిని అదుపు చేసే పని థర్మోస్టాట్‌ది, కటౌట్‌ది. మూడూ ఉండాలి.

ఎన్‌ఆర్‌వీ మన జిల్లాల్లో ఎందుకు మరీ ముఖ్యం

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు. కరెంటు లేకపోతే మోటారు ఆడదు, మేడమీద ట్యాంకు అడుగంటుతుంది. అప్పుడు కింది అంతస్తులో ఎవరో కుళాయి తిప్పుతారు, పై అంతస్తులో ఎవరో నీళ్లొస్తాయేమోనని వేడి కుళాయి తెరిచి వదిలేస్తారు. పైనుంచి గాలి దూరుతుంది, గీజరులోని నీళ్లు చన్నీళ్ల పైపులోంచే వెనక్కి దిగి కింది కుళాయిలో కారిపోతాయి. చూడటానికి గీజరు మామూలుగానే ఉంటుంది. స్విచ్చి వేసే ఉంటే, కరెంటు వచ్చిన క్షణం నీళ్లు లేని ఎలిమెంటు ఎర్రగా కాలి పోతుంది.

తుఫాను లేని రోజుల్లో కూడా వెనక్కి వచ్చే వేడినీళ్లు చన్నీళ్ల పీవీసీ పైపును మెత్తబరుస్తాయి, అతుకుల దగ్గర వంకర తెస్తాయి. ఎన్‌ఆర్‌వీ ఈ రెండింటినీ ఆపుతుంది.

గీజరు పెట్టెలోనే ఈ రెండు పనులూ కలిపిన ఒక ఇత్తడి ముక్క వస్తుంది. దుకాణాల్లో దాన్ని మల్టీ ఫంక్షన్ వాల్వు అంటారు, మేస్త్రీలు ఊరికే సేఫ్టీ వాల్వు అంటారు. ఒక వైపు గీజరుకు, ఒక వైపు చన్నీళ్లకు, కిందికి ఒక చిన్న ముక్కు, పక్కన ఎత్తడానికో తిప్పడానికో చిన్న పిడి ఉంటాయి. నీరు వెళ్లాల్సిన వైపుకు ఒంటి మీద బాణం గుర్తు ఉంటుంది. పెట్టెలో అది లేకపోతే దుకాణంలో అడిగి తీసుకోండి. కొనేటప్పుడు దాని మీద అంకె, గీజరు నేమ్‌ప్లేటు మీద అంకె పక్కపక్కన పెట్టి చూడండి. వాల్వు అంకె ట్యాంకు అంకెకు సమానంగానో తక్కువగానో ఉండాలి. 6.5 బార్ ట్యాంకుకు 8 బార్ వాల్వు పెడితే వాల్వు లేచేలోపే ట్యాంకు దాని హద్దు దాటిపోతుంది. కొన్ని ప్లేట్ల మీద బార్ బదులు ఎంపీఏ రాస్తారు. 0.8 ఎంపీఏ అంటే 8 బారే.

ఒక ఇంటిని తీసుకుందాం

విజయనగరంలో కింద ఒకటి, పైన ఒకటి వాటాలున్న మేడ అనుకోండి. స్లాబు మీద మీటరు ఎత్తు దిమ్మె, దాని మీద వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు. పై వాటా స్నానాలగదిలో 25 లీటర్ల, 2000 వాట్ల నిలువు గీజరు పెట్టాలి. అదే చన్నీళ్ల లైను కింది వాటాకూ దిగుతుంది. గీజరు నుంచి ట్యాంకులో నీటి మట్టం వరకూ సుమారు మూడు మీటర్లు, అంటే 0.3 బార్. మన ఊళ్లలో చాలా ఇళ్ల లెక్క ఇంతే.

దీనికి కావలసినవి ఇవీ:

- ఐఎస్ఐ గుర్తున్న గీజరు, దానితో వచ్చిన సేఫ్టీ వాల్వు, గోడ కొక్కెం
- 10 మి.మీ. యాంకర్ బోల్టులు, కొక్కెంలో ఎన్ని రంధ్రాలుంటే అన్ని
- అర అంగుళం యాంగిల్ కాక్ ఒకటి, చన్నీళ్లకు
- వేడినీళ్లకు పనికొచ్చే అర అంగుళం, 18 అంగుళాల అల్లిక కనెక్షన్ పైపులు రెండు
- వేడి వైపుకు ఇత్తడి మర ఉన్న సీపీవీసీ ఫిట్టింగులు, కావలసినంత సీపీవీసీ పైపు
- వాల్వు ముక్కు నుంచి జాలీ వరకూ డ్రెయిన్ గొట్టం, సుమారు రెండు మీటర్లు, నాలుగు క్లిప్పులు
- టెఫ్లాన్ టేపు రెండు చుట్టలు, స్పానర్లు రెండు

స్పానర్లు రెండు ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

గోడ, చోటు

25 లీటర్ల గీజరు నీళ్లతో నిండితే బరువు 35 కిలోలు దాటుతుంది. ఎర్ర ఇటుక గోడకీ స్లాబు బీముకీ యాంకర్ బోల్టు బాగా పట్టుతుంది. లోపల డొల్ల ఉన్న సిమెంటు దిమ్మెల గోడకు మాత్రం అది పట్టదు. అక్కడ గోడ దాటి వెళ్లే బోల్టు వేసి అవతల పక్క ఇనుప పట్టీ పెట్టి బిగించాలి. ఇటుకల మధ్య సున్నం చారలో కాకుండా ఇటుక మధ్యలోనే డ్రిల్ చేయండి. కొక్కెం బిగించాక మీ బరువు కొంచెం వేసి లాగి చూడండి.

గీజరు అడుగు నేల నుంచి సుమారు ఆరడుగులు ఉంటే చాలు. అడుగున కనీసం అడుగు, వీలైతే అడుగున్నర ఖాళీ వదలాలి. ఎలిమెంటూ థర్మోస్టాటూ కిందినుంచే ఊడదీస్తారు. ఫాల్స్ సీలింగ్ పైన దాచేయడం చాలామందికి ఇష్టం. అలా పెడితే వాల్వు చుక్క ఎవరికీ కనపడదు, పిడి ఎత్తడానికి చెయ్యి అందదు. అందంగా ఉంటుందని ఆ చోటు ఒప్పుకోవద్దు. షవరు నీళ్లు చిమ్మే వైపు కాకుండా ఎదుటి గోడకు పెడితే మంచిది. ఆ గోడ కింద నేల జాలీ ఉంటే డ్రెయిన్ గొట్టం పని తేలికవుతుంది.

చన్నీళ్ల వైపు: ఇక్కడ తొందర వద్దు

గీజరు అడుగున రెండు ముక్కులు ఉంటాయి. నీలం రింగు ఉన్నది చన్నీళ్లు లోపలికి, ఎర్రది వేడినీళ్లు బయటికి. ఈ రెండూ తారుమారు చేస్తే వేడినీళ్లు మగ్గెడు వచ్చి ఆగిపోతాయి. లోపల వేడి నీటి గొట్టం ట్యాంకు పైదాకా ఉంటుంది, చన్నీళ్లది అడుగునే తెరుచుకుంటుంది. తారుమారైతే చన్నీళ్లు పైన పడి వేడినీళ్లను కింద కలిపేస్తాయి.

వాల్వు బిగించే ముందు ఒక పని ఉంది, దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. యాంగిల్ కాక్ గోడకు బిగించి, కింద బకెట్ పెట్టి పూర్తిగా తెరిచి ఒక నిమిషం పారనివ్వండి. కొత్త లైనులోంచి పైపు కోసిన పొట్టు, సొల్యూషన్ ముద్దలు, ఇసుక వస్తాయి. ఇసుక రేణువు ఒక్కటి వాల్వు సీటు మీద కూర్చుంటే ఆ వాల్వు చల్లగా ఉన్నప్పుడు కూడా కారుతూనే ఉంటుంది. రేపు వచ్చే ఆ ఫోను ఈ నిమిషంతో తప్పుతుంది.

టెఫ్లాన్ టేపును మర వైపు నుంచి చూస్తూ గడియారం తిరిగే వైపుకే చుట్టాలి. పది, పన్నెండు చుట్లు గట్టిగా లాగి చుట్టండి. మొదటి మరను ఖాళీగా వదిలి రెండో మర నుంచి మొదలుపెట్టండి. మొదటి మర మీద చుట్టిన టేపు లోపలికి నలిగి, తోకలా తెగి, వాల్వు సీటు మీదో ఎన్‌ఆర్‌వీ తలుపు కిందో ఇరుక్కుంటుంది. వాల్వుతో రబ్బరు వాషరు ఇచ్చి ఉంటే అక్కడ వాషరే చాలు, టేపు వద్దు.

ఇప్పుడు వాల్వు. బాణం గీజరు వైపు చూడాలి. ముందు చేత్తో మూడు నాలుగు మరలు తిప్పండి, సాఫీగా ఎక్కకపోతే తీసి మళ్లీ మొదలుపెట్టండి. తర్వాత ఒక స్పానరుతో గీజరు ముక్కును కదలకుండా పట్టుకుని, రెండో స్పానరుతో వాల్వు తిప్పండి. ఒక్క స్పానరుతో బలం పెడితే ముక్కు ట్యాంకుకు అతికిన చోట మెలి తిరిగి, పైకి కనపడని చీలిక వస్తుంది. వారంటీలోకి రాని లీకు అది. చివరికి చిన్న ముక్కు నేల వైపు చూసేలా ఆపండి. ముక్కు కిందికి రావాలని వెనక్కి తిప్పవద్దు. కొంచెం ముందుకు తిప్పి రాకపోతే, తీసి టేపు ఒకటి రెండు చుట్లు మార్చి మళ్లీ బిగించండి.

వరస ఇలా ఉండాలి: గోడలో యాంగిల్ కాక్, తర్వాత కనెక్షన్ పైపు, తర్వాత సేఫ్టీ వాల్వు, తర్వాత గీజరు. వాల్వుకీ గీజరుకీ మధ్య కుళాయి గానీ, కాక్ గానీ ఏదీ రాకూడదు. ఎవరో శుభ్రం చేయడానికి అక్కడ కాక్ కట్టేసి తెరవడం మరిచిపోతే, సేఫ్టీ వాల్వు ఉండీ లేనట్టే. యాంగిల్ కాక్ వాల్వుకు ముందు ఉంటే మాత్రం నష్టం లేదు, ఉండాలి కూడా.

ఒత్తిడి మూడు మీటర్లే ఉన్న ఇళ్లలో ఒక సమస్య వస్తుంది. వాల్వు పెట్టాక వేడినీటి ధార సన్నబడిందని ఇంటివాళ్లు అంటారు. కొందరు మేస్త్రీలు వాల్వు ఊడదీసి లోపలి ఎన్‌ఆర్‌వీ స్ప్రింగునూ తలుపునూ తీసి పారేస్తారు. ధార పెరుగుతుంది, బయటికి వాల్వు మామూలుగానే కనిపిస్తుంది, వెనక్కి నీళ్లు రావడం మొదలవుతుంది. దీనికి సరైన దారి వేరే ఉంది. మేడమీద నుంచి దిగే పైపును ముప్పావు అంగుళం తెచ్చి గీజరు దగ్గర మాత్రమే అర అంగుళం చేయండి, ట్యాంకు దిమ్మె ఎత్తు పెంచండి, అప్పటికీ చాలకపోతే చిన్న బూస్టరు పంపు వేయండి. పంపు వేస్తే దాని ఒత్తిడి వాల్వు అంకె కంటే బాగా తక్కువ ఉందో లేదో చూసుకోవాలి.

డ్రెయిన్ గొట్టం

వాల్వు ముక్కు నుంచి గొట్టం కిందికే, కిందికే పోవాలి. మధ్యలో ఎక్కడా పైకి లేచి దిగకూడదు. పైకి లేచిన చోట నీళ్లు నిలుస్తాయి, ఉప్పు పేరుకుంటుంది, కొన్నాళ్లకు అక్కడే దారి మూసుకుంటుంది. చివర తెరిచే ఉండాలి. మూత వద్దు, కుళాయి వద్దు, ముడి వద్దు.

ఏ గొట్టం వేయాలన్నది మేస్త్రీలు పట్టించుకోరు. మామూలు రోజుల్లో వచ్చేవి గోరువెచ్చటి చుక్కలే కాబట్టి ఏదైనా చాలనిపిస్తుంది. థర్మోస్టాట్ పోయిన రోజు వచ్చేది మరిగే నీళ్లూ ఆవిరీ. ఆ రోజు తోటకు నీళ్లు పెట్టే ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి నలిగి మూసుకుపోతుంది. రాగి గొట్టం వేస్తే నిశ్చింత. అది కుదరకపోతే కనీసం సీపీవీసీ వేయండి, గోడకు అడుగున్నరకు ఒక క్లిప్పు కొట్టండి. మామూలు పీవీసీ వద్దు.

కింది చివర నేల జాలీకి రెండు అంగుళాలు పైన ఆగాలి. జాలీలోకి దూర్చేస్తే చుక్క పడుతోందో లేదో కనిపించదు, మురికినీళ్లు గొట్టంలోకి ఎక్కే వీలుంటుంది. పిల్లలు నిలబడే చోటో, స్టూలు వేసుకునే చోటో గొట్టం చివర ఉండకూడదు. రెండు గీజర్లున్న ఇంట్లో రెండింటినీ ఒకే గొట్టానికి కలపవద్దు. ఏది కారుతోందో తెలియదు.

కొన్నిళ్లలో వాల్వు ముక్కుకు ఖాళీ నీళ్ల సీసా వేలాడదీస్తారు. మూతి వదులుగా ఉండి రోజూ పారబోసేవాళ్లుంటే తాత్కాలికంగా పర్వాలేదు. సీసా మూతిని టేపుతో ముక్కుకు బిగించి చుట్టేస్తే అదీ మూతే.

వేడినీళ్ల వైపు

ఎర్ర ముక్కు నుంచి కనెక్షన్ పైపు, తర్వాత ఇత్తడి మర ఉన్న సీపీవీసీ ఫిట్టింగు, అక్కణ్నుంచి సీపీవీసీ పైపు. సీపీవీసీని నేరుగా గీజరు ముక్కుకు బిగించకండి, ముక్కు దగ్గర వేడి ఎక్కువ, మర చీలుతుంది. సొల్యూషన్ అతుకులకు డబ్బా మీద రాసినంత సమయం ఇచ్చాకే వేడినీళ్లు వదలండి.

నీళ్లు ముందు, కరెంటు తర్వాత

ప్లగ్గు సాకెట్‌లో పెట్టకముందే గీజరు నిండాలి. వేడి కుళాయి పూర్తిగా తెరవండి, తర్వాత యాంగిల్ కాక్ నెమ్మదిగా తెరవండి. కుళాయిలోంచి ముందు గాలి వస్తుంది, తర్వాత గాలీ నీళ్లూ కలిసి చిమ్ముతాయి, తర్వాత తెగకుండా ధార వస్తుంది. ఆ ధార ఒక నిమిషం ఆగకుండా వచ్చాక కుళాయి కట్టేయండి. ఒత్తిడి తక్కువున్న మన ఇంట్లో 25 లీటర్లు నిండడానికి పది నిమిషాలైనా పట్టవచ్చు, కంగారు పడొద్దు.

నిండాక ప్రతి మర చుట్టూ పొడి టిష్యూ కాగితం ఒత్తి చూడండి. వేలికి తెలియని తడి కాగితానికి తెలుస్తుంది. తర్వాత సేఫ్టీ వాల్వు పిడి ఒకసారి ఎత్తండి. డ్రెయిన్ గొట్టం చివర నీళ్లు రావాలి, పిడి వదలగానే ఆగాలి. గొట్టం దారి తెరిచే ఉందని అప్పుడే నమ్మకం.

కరెంటు పని ఎలక్ట్రీషియన్‌కే వదలండి, కానీ ఇవి అడిగి చూసుకోండి. 2000 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు. కాబట్టి 6 ఆంపియర్ల సాకెట్ కుదరదు, ఎక్స్‌టెన్షన్ బోర్డు అసలే వద్దు. మెయిన్ బోర్డు నుంచి గీజరుకే ప్రత్యేకంగా 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ, 16 ఆంపియర్ల సాకెట్, గది బయట స్విచ్చి ఉండాలి. కరెంటు లీకైతే వెంటనే తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి, దాని టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో మీ ముందే చూపించమనండి. సాకెట్‌లో ఎర్తు వైరు ఉండటం వేరు, ఆ ఎర్తు నిజంగా భూమికి కలవడం వేరు. పాత ఇళ్లలో ఎర్తు వైరు గోడలోనే తెగి ఆగిపోయి ఉంటుంది, మీటరు పెట్టి చూడాలి.

మొదటి వేడి: పక్కనే ఉండి చూడండి

మన ఇంట్లో 25 డిగ్రీల నీళ్లు 65కి చేరాలంటే సుమారు 1.16 యూనిట్లు కావాలి, 2000 వాట్లకు 35 నిమిషాలు. వోల్టేజీ తక్కువ ఉన్న రోజున ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. స్విచ్చి వేసి, వేడి కుళాయి తెరవకుండా, డ్రెయిన్ గొట్టం కింద లీటరు మగ్గు పెట్టండి.

మొదటి పదీ పదిహేను నిమిషాలు ఏమీ పడకపోవచ్చు. ట్యాంకు పైన ఇరుక్కున్న కాస్త గాలి, ట్యాంకు సాగడం కొంత పెరుగుదలను మింగుతాయి. తర్వాత చుక్కలు మొదలవుతాయి. థర్మోస్టాట్ తెగి లైటు ఆరాక కాసేపటికి చుక్కలు ఆగుతాయి. మగ్గులో అర లీటరు లోపు నీళ్లుంటాయి, ముట్టుకుంటే చల్లగానో గోరువెచ్చగానో ఉంటాయి. బయటికి వచ్చేది ట్యాంకు అడుగు నుంచి కాబట్టి అలా ఉంటుంది. ఇది సరైన గీజరు లక్షణం.

వేడి ఆగాక కనెక్షన్ పైపు మీదుగా యాంగిల్ కాక్ దాకా చెయ్యి పెట్టి చూడండి. వాల్వు దగ్గర కొంచెం వేడి ఉండటం సహజం, ఇత్తడి గుండా వేడి పాకుతుంది. అడుగు దూరం తర్వాత కూడా వేడిగా ఉంటే ఎన్‌ఆర్‌వీ పట్టడం లేదని.

చుక్క చెప్పే సంగతులు

స్విచ్చి ఆపి ఉన్నా, నీళ్లు చల్లగా ఉన్నా కారుతూనే ఉంటే సీటు మీద చెత్త ఉంది. పిడి ఐదారుసార్లు ఎత్తి వదిలి నీళ్లు జోరుగా పోనివ్వండి, చాలాసార్లు అదే కడిగిపోతుంది. ఆగకపోతే వాల్వు మార్చాలి. బూస్టరు పంపు ఉన్న ఇంట్లో పంపు ఆడినప్పుడే కారితే పంపు ఒత్తిడి చూడండి.

మగ్గులోకి లీటర్లు లీటర్లు వస్తే, అదీ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే, ఆవిరి కూడా కనిపిస్తే థర్మోస్టాట్ ఆగడం లేదు. గది బయట స్విచ్చి ఆపండి, ఎంసీబీ దించండి, కుళాయి ఏదీ తిప్పకండి, చల్లారేదాకా గదిలోకి వెళ్లకండి. వాల్వు తన పని చేస్తోంది, పాడైంది వేరే భాగం. ఈ సమయంలో వాల్వు మార్చడానికి మేస్త్రీని పిలిస్తే పని సగమే అవుతుంది.

అసలు చుక్కే పడకపోతే సంతోషించకండి. మూడింటిలో ఒకటి జరిగి ఉంటుంది: వేడి కుళాయి ఏదో సన్నగా కారుతోంది, లేదా ఎన్‌ఆర్‌వీలోంచి నీళ్లు వెనక్కి పోతున్నాయి, లేదా సేఫ్టీ వాల్వు సున్నంతో బిగుసుకుపోయింది. మూడోదే భయపడాల్సింది. పిడి ఎత్తితే నీళ్లు రాకపోతే ఆ గీజరును వాడటం ఆపి వాల్వు మార్చండి.

ఎన్‌ఆర్‌వీని విడిగా పరీక్షించడానికి కరెంటు ఆపి, నీళ్లు చల్లారనిచ్చి, యాంగిల్ కాక్ కట్టేసి, వాల్వుకు చన్నీళ్ల వైపు ఉన్న కనెక్షన్ పైపు విప్పండి. కొన్ని చుక్కలు పడి ఆగుతాయి. ఇక్కడే చాలామంది "వాల్వు బాగానే ఉంది" అనుకుని మళ్లీ బిగించేస్తారు. వేడి కుళాయి కట్టేసి ఉంటే ట్యాంకులోకి గాలి పోదు, గాలి పోకపోతే పాడైన ఎన్‌ఆర్‌వీలోంచి కూడా నీళ్లు దిగవు. తలకిందులు చేసిన సీసా మూతిని వేలితో దాదాపు మూసినట్టే. అందుకే ఇప్పుడు వేడి కుళాయి తెరిచి చూడండి. అప్పటికీ రాకపోతే ఎన్‌ఆర్‌వీ బాగున్నట్టు. ధారగా వస్తే లేనట్టు.

ఆ తర్వాత

బోరు నీళ్ల ఇళ్లలో నెలకోసారి, మున్సిపాలిటీ నీళ్ల ఇళ్లలో రెండు మూడు నెలలకోసారి వాల్వు పిడి ఎత్తి వదలండి. తీరం దగ్గరి ఊళ్లలో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా, కటువుగా ఉంటాయి. వేడెక్కిన నీటిలోంచి సున్నం విడిపోయి ఎలిమెంటు మీదా వాల్వు సీటు మీదా తెల్లగా పేరుకుంటుంది. పిడి ఎత్తడానికి చేతికి గట్టిగా తగులుతుంటే ఆ పేరుకోవడం మొదలైందని. పిడి ఎత్తేటప్పుడు డ్రెయిన్ గొట్టం చివర చెయ్యి పెట్టకండి, ముఖం పెట్టకండి.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు గీజరు ప్లగ్గు తీసేసి యాంగిల్ కాక్ కట్టేయండి. కరెంటు తిరిగొచ్చాక మేడమీద ట్యాంకు నిండిందని చూసి, కాక్ తెరిచి, వేడి కుళాయిలో తెగని ధార వచ్చేదాకా ఆగి, అప్పుడే ప్లగ్గు పెట్టండి. స్నానాలగదిలో వరద నీరు ఎక్కి ఉంటే సాకెట్ ఎండి ఎలక్ట్రీషియన్ చూసేదాకా అసలు ముట్టుకోవద్దు.